మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా

మా పేటలో ఫోను లేదు. ఊరు మొత్తం మీద నాలుగో అయిదో ఉండేవి. పోస్టాఫీసులో ఒకటి, జిన్నింగు మిల్లులో ఒకటి, డాక్టరుగారింట్లో ఒకటి, బజారు మొదట్లో మిర్చి కమీషను కొట్టులో ఒకటి. ఉద్యోగ ప్రకటనలో ‘ఫోను నంబరు ఉంటే రాయండి’ అని ఉండేసరికి నాన్న రెండు రోజులు ఆలోచించి, కొట్టు గుమాస్తాని అడిగి, ఆ నంబరు రాయమన్నాడు. నంబరు పక్కన పి.పి. అని రాశాను. ఫోను మాది కాదు, పొరుగువాళ్ళది, పిలిస్తే వచ్చి మాట్లాడతాం అని దానర్థం. పొరుగంటే ఎంత పొరుగో హైదరాబాదు వాళ్ళకేం తెలుసు? ఆ కొట్టుకీ మా ఇంటికీ మధ్య మైలు పైన దూరం, ఒక కాలవ.

ఎనభైల మధ్య సంగతి ఇది. నేను టైపు హయ్యరు పాసయి రెండేళ్ళయింది. టైపు నేర్పిన చోటే కొన్నాళ్ళు పిల్లలకు నేర్పాను, అదీ పోయింది. అప్పట్నుంచీ కోతల కాలంలో అమ్మ వెంట మిరప చేలకు వెళ్తున్నాను. కూలి పని నామోషీ అని కాదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా కాయ కోసి, ఇంటికొచ్చి చేతులు ఎన్నిసార్లు కడిగినా మంట పోదు. ఆ చేతులతో కళ్ళు నలుపుకోకుండా పడుకోవటమే ఒక విద్య. ఆ విద్యలో నేను ఎప్పుడూ ఫెయిలే.

హైదరాబాదులో కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే ఆఫీసు ఒకటి ఆ ప్రకటన ఇచ్చింది. ఒక పెద్ద కంపెనీలో ఫోను దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూ, మిగతా వేళ టైపు కొట్టాలి. ఒక్కటే ఖాళీ. దరఖాస్తు పెట్టిన మూడు వారాలకి కార్డు వచ్చింది. పని ఫోను దగ్గర కాబట్టి ముందు నా గొంతు ఫోనులో వింటారట, అది నచ్చితేనే హైదరాబాదు పిలుస్తారట. కార్డు మీద నా దరఖాస్తు నంబరు వేసి, జవాబు రాస్తే ఆ నంబరు తప్పకుండా వేయమన్నారు. ఆ కార్డుని అమ్మ బైబిల్లో పెట్టింది. నేను రోజుకోసారి తీసి చూసి మళ్ళీ పెట్టేదాన్ని.

ఫోను రానే వచ్చింది, నేను లేనప్పుడు. గురువారం పొద్దున పదకొండింటికి నేను చేలో ఉన్నాను. సాయంత్రం నాన్న బడి నుంచి కొట్టు మీదుగా వస్తుంటే గుమాస్తా పిలిచి చీటీ ఇచ్చాడట. నాన్న మిషను బళ్ళో ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ చెప్పే పంతులు. ఆ చీటీని గొడుగులో పెట్టుకుని వచ్చాడు, వాన లేకపోయినా.

చీటీలో గుమాస్తా చక్కగా రాశాడు. ‘హైదరాబాదు ఆఫీసు నుంచి సారు ఫోను. అమ్మాయి దూరంగా ఉంది, వచ్చేసరికి చాలా సేపు పడుతుందని చెప్పాను. ఏ రోజు ఏ వేళ ఫోను దగ్గర ఉంటుందో రాసి పంపమన్నారు. సారు వచ్చే బుధవారం దాకా ఆఫీసులో ఉంటారు. గురువారం మద్రాసు వెళ్తారు.’

అంత స్పష్టంగా ఉంది కదా. మా నాన్నకి మాత్రం అందులో ఏదో ప్రమాదం కనిపించింది.

"ఏ వేళ అని మనం రాయటం ఏమిటమ్మా? పెద్దాఫీసరు ఆయన. ఆయనకి కుదిరినప్పుడు చేస్తాడు. చిన్నవాళ్ళం, టైము చెప్పే వాళ్ళమా?"

"ఆయనే చెప్పమన్నాడుగా నాన్నా."

"ఆయన మర్యాదకి అంటాడు. మనం మర్యాదకి తమ ఇష్టం అనాలి."

అన్నం తిన్నాక లాంతరు ముందు కూర్చుని ఒక ఉత్తరం తయారు చేశాడు. నాన్న ఇంగ్లీషు దొరల కాలం నాటిది. తమ అమూల్యమైన సమయాన్ని ఈ అల్పురాలి కోసం వెచ్చించినందుకు కృతజ్ఞతలట, ఆ సమయంలో అందుబాటులో లేనందుకు క్షంతవ్యురాలినట, ఇక మీదట తమకు వీలు చిక్కిన ఏ రోజున ఏ వేళనైనా చిత్తగించవచ్చునట. పేజీన్నర. చదివి నాకు ఒళ్ళు మండింది.

"ఏ వేళనైనా అంటే నేను ఏ వేళ అక్కడ ఉండాలి?" అన్నాను.

నాన్న దగ్గర దానికి జవాబు ఉంది. "రేపట్నుంచి కొట్టు అరుగు మీద కూర్చో. చేస్తే అందుకుంటావు."

ఆ ఉత్తరాన్ని పొద్దున నేనే పోస్టు చేస్తానని తీసుకుని దిండు కింద పెట్టాను. మా నాన్నతో వాదిస్తే ఆయన మారడు, నాకు తలనొప్పి వస్తుంది. కొట్టు అరుగు మీద కూర్చోవటానికి మాత్రం ఒప్పుకున్నాను. ముందు అక్కడి సంగతి చూద్దామనిపించింది.

శుక్రవారం, శనివారం రెండు రోజులూ కూర్చున్నాను. అరుగు మీద కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు పదిమంది ఉంటారు. వాళ్ళ మధ్యలో కూర్చుని ఊరికే ఉండటం ఎందుకని నేనూ తీశాను. వాళ్ళకీ నాకూ దగ్గులో పోటీ. ఫోను లోపలి గదిలో ఉంటుంది, షావుకారు గద్దె పక్కన. అరుగు మీంచి గది కనపడదు, మాటలు వినపడతాయి. మా పేట వాళ్ళెవరూ ఆ గడప దాటి లోపలికి వెళ్ళటం నేను చూడలేదు. వెళ్ళొద్దని ఎవరూ అనగా కూడా వినలేదు.

పొద్దున ఎనిమిదింటికి మొదలైతే ఫోను ఒకటే మోత. గుంటూరు యార్డు నుంచి రేట్లు, కోల్డు స్టోరేజీ నుంచి కబుర్లు, లారీ ఆఫీసు నుంచి తగాదాలు. బయటి ఊళ్ళకి చేసే ట్రంకు కాల్ కోసం షావుకారు ఎక్స్ఛేంజి వాళ్ళ మీద అరిచే అరుపులకి కాటా దగ్గర హమాలీలు నవ్వుకునేవాళ్ళు. ఈ మోత మధ్యలో హైదరాబాదు వాడికి లైను దొరకటం కల్ల. సాయంత్రం నాలుగు దాటితే మళ్ళీ అదే గోల. రెండు రోజులూ నేను గమనించింది ఏమిటంటే, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా ఆ ఫోను ఒక్కసారి కూడా మోగలేదు. హమాలీలు టిక్కీల మీద, అంటే కాయ నింపి కుట్టిన గోతాల మీద, తువ్వాళ్ళు పరుచుకుని నిద్రపోయేవాళ్ళు. ఆడవాళ్ళు కూడా గొంతు తగ్గించేవాళ్ళు. ఈగ వాలిన చప్పుడు వినపడేంత నిశ్శబ్దం.

నేను చాలా తెలివైనదాన్ననుకున్నాను. అప్పుడు అంత తెలివి ఉందనుకోకుండా ఉంటే బాగుండేది.

శనివారం మధ్యాహ్నం మూడున్నర దాటాక లేచి పోస్టాఫీసుకి వెళ్ళాను, టెలిగ్రాం ఇవ్వటానికి. ఉత్తరం ఎప్పటికి చేరుతుందో నమ్మకం లేదు. టెలిగ్రాం గుమాస్తా వయసు మళ్ళిన మనిషి. నేను ఫారం మీద నాన్న ఇంగ్లీషులో ‘గౌరవనీయులైన అయ్యా’ అని మొదలుపెట్టి ఇచ్చాను. వాదించాను గానీ, పెన్ను పట్టుకునేసరికి నాలోనూ నాన్నే ఉన్నాడు. ఆయన కళ్ళజోడు పైకి తోసి ఆ ఫారం నాకే తిప్పి ఇచ్చాడు.

"అమ్మాయ్, తీగ మీద దండాలు పంపితే మాటకింతని పడుద్ది. వాళ్ళకి కావాల్సింది ఏంటి? ఎవరు, ఏ నంబరు, ఏ రోజు, ఎన్నింటికి. అవి రాయి, చాలు."

మళ్ళీ రాశాను. కార్డు మీది నంబరు, మీ ఫోను సంగతి తెలిసింది, సోమవారం రెండు నుంచి మూడు దాకా ఇదే ఫోను దగ్గర ఉంటాను, నా పేరు.

"రెండంటే తెల్లారగట్ల రెండా?" అన్నాడు. మధ్యాహ్నం అని చేర్చాను. "ఇది ఇవాళ సాయంత్రానికి అక్కడ పడుద్ది. శనివారం సాయంత్రం ఆ ఆఫీసులో ఎవరుంటారు? రేపు ఆదివారం. ఎల్లుండి పొద్దున విప్పి చూస్తారు. ఆయన చేతికి వచ్చేసరికి నీ సోమవారం రెండు దాటిపోతే?"

నిజమే. సోమవారం కొట్టేసి మంగళవారం రాశాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. "ఒక్క రోజేనా? ఆ రోజు లైను చెడిపోతే?" బుధవారం కూడా చేర్చాను. అప్పుడు తృప్తిగా మాటలు లెక్కపెట్టుకుని, ముద్ర వేసి, కిర్రుకిర్రుమని కొట్టటం మొదలుపెట్టాడు. మీ ఫోను కబురు అందింది, కృతజ్ఞతలు, మంగళ బుధవారాలు మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా ఇదే ఫోను దగ్గర ఉంటాను. ఇంతే. పేజీన్నర ఉత్తరం దిండు కిందే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి చెప్తే నాన్న ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. "గంట చెప్పి పిలిచావా ఆఫీసర్ని," అన్నాడు. తర్వాత ప్రార్థనలో, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఆఫీసరు హృదయాన్ని ప్రేరేపించమని దేవుణ్ణి అడిగాడు. దేవుడికి టైము చెప్పటానికి ఆయనకి ఏ జంకూ లేదు. నేను పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. అమ్మ కళ్ళు మూసుకునే నా తొడ మీద గిల్లింది.

సోమవారం పొద్దున కొట్టుకి వెళ్ళి, గుమాస్తా బయటికి వచ్చినప్పుడు చెప్పాను. "రేపూ ఎల్లుండీ రెండు నుంచి మూడు లోపల నాకు హైదరాబాదు నుంచి ఫోను వస్తదండి. నేను అరుగు మీదే ఉంటాను. కాస్త కేకేయండి."

ఆయన చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రెండు నుంచి మూడా? ఎవరు చెప్పారమ్మాయ్ నీకా టైము?"

"నేనే చూశానండి. ఆ వేళప్పుడు మీ ఫోను ఖాళీగా ఉంటది."

"ఖాళీగా ఉండదమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "షావుకారు గారు అప్పుడు నిద్రపోతారు. తెల్లారగట్ల మూడింటికే లేచే మనిషి, పెందలాడే బళ్ళు దిగుతాయిగా. ఆ గంటన్నరే ఆయనకి నిద్ర. మోగకుండా రిసీవరు తీసి పక్కన పెడతాం. ఎవరు చేసినా ఎంగేజే వస్తది."

ఊళ్ళో ఇరవై నాలుగు గంటల్లో ఏ ఫోనూ రాని గంటన్నర ఒకటే ఉంటే, సరిగ్గా దాన్ని ఏరి రాసి పంపాను. ఏరింది కూడా నేను, తెలివిగా.

వెంటనే పోస్టాఫీసుకి పరుగెత్తాను. టెలిగ్రాం గుమాస్తా అంతా విని నవ్వలేదు, అది ఆయన మంచితనం. "ఇంకోటి ఇవ్వచ్చు. కానీ ఆయన ముందు రెండు కాగితాలుంటాయి. ఒకటి రెండంటది, ఇంకోటి అయిదంటది. మొదటిది ముందు చూస్తాడో, రెండోది చూస్తాడో, ఈ పిల్లకి మాట మీద నిలకడ లేదని రెండూ పక్కన పడేస్తాడో. పైగా నువ్వు చెప్పే ఇంకో టైములో ఆ ఫోను దొరకదంటున్నావుగా. హైదరాబాదుని కదిలించే కంటే మీ బజారుని కదిలించటం సులువమ్మాయ్. ఆ షావుకారుని అడుగు."

ఇదీ నాన్నకి చెప్పాను. ఆయన మొహం చూసి చెప్పకపోయినా బాగుండేదనిపించింది. కానీ "నేను అడుగుతాలే," అన్నాడు. "ఆడపిల్లవి, నువ్వెళ్ళొద్దు. నన్ను మేష్టారూ అని పిలుస్తాడు. నేను అడుగుతాను."

మా తాత ఆ షావుకారు వాళ్ళ నాన్న చేలో పాలేరు. నాన్న పదేళ్ళు వచ్చేదాకా వాళ్ళ గేదెలు కాశాడు. మిషను వాళ్ళు చదివిస్తే చదువుకుని పంతులయ్యాడు. ఈ షావుకారు, నాన్న ఒక ఈడు వాళ్ళే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా ఆ వయసులో నాకు వాటి మీద జాలి లేదు, విసుగే ఉండేది.

సోమవారం సాయంత్రం నాన్న వెళ్ళి వచ్చాడు. షావుకారు లారీ వాడితో తగాదాలో ఉన్నాడు, సమయం కాదనిపించింది, రేపు అడుగుతాను అన్నాడు. మంగళవారం ఒంటిపూట సెలవు పెట్టాడు. ఇద్దరం ఒంటిగంటకే కొట్టుకి చేరాం. నేను అరుగు మీద కూర్చున్నాను. నాన్న చెప్పులు మెట్ల కింద విడిచి, మెట్టు మీద నిలబడ్డాడు. షావుకారు భోజనం చేసి చెయ్యి కడుక్కోవటానికి బయటికి వచ్చాడు.

"ఏం మేష్టారూ, బాగున్నారా?"

"బాగున్నామండి, తమ దయవల్ల."

"బడి లేదా ఇవాళ?"

"ఉందండి. పనుండి వచ్చానండి."

ఆ పనేమిటో చెప్పటానికి ఇంతకంటే మంచి దారి ఎవరూ వేయరు. షావుకారు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ ఒక క్షణం ఆగాడు కూడా. నాన్న నేల చూశాడు. "మంచిది," అని షావుకారు లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి లోపల టక్కుమని చిన్న చప్పుడు. రిసీవరు తీసి పక్కన పెట్టిన చప్పుడది. శుక్ర శనివారాల్లోనూ ఆ చప్పుడు విన్నాను, అదేమిటో తెలియక.

రెండు నుంచి మూడు దాకా నేను చేసింది ఏమీ లేదు. తొడిమలు తీశాను. లోపల షావుకారు నిద్రపోతున్నాడు. బయట నాన్న మెట్టు మీద కూర్చుని గొడుగు కర్రని చూస్తున్నాడు. అక్కడ హైదరాబాదులో ఒకాయన నా టెలిగ్రాం ముందు పెట్టుకుని, నేను చెప్పిన గంటలో కాల్ బుక్ చేస్తుంటాడు, ఎంగేజ్ అని చెప్తుంటారు. అది తలుచుకుంటుంటే నాకు ఏడుపు రాలేదు, పిచ్చి కోపం వచ్చింది. షావుకారు మీద కాదు. ఆయనకేం తెలుసు పాపం. మా నాన్న మీద.

ఇంటికి వెళ్ళే దారంతా మాట్లాడలేదు. ఇంట్లో అమ్మ చూడగానే కనిపెట్టి, "అడగలేదా?" అంది నాన్నతో. ఆయన చొక్కా విప్పి కొయ్యకి తగిలించటానికి చాలాసేపు తీసుకున్నాడు.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అంది అమ్మ నా వైపు తిరిగి. "నేను అమ్మనే. ఇద్దరికీ చెప్తన్నా, మీరు అడగందే నేనూ పెట్టను ఇవాళ." నవ్వించటానికే అంది. ఎవరం నవ్వలేదు. తర్వాత కూర వడ్డిస్తూ నాతో మెల్లగా, "రేపు నువ్వెళ్ళు. మీ నాన్నని ఏమీ అనొద్దు," అంది.

బుధవారం నాన్న వద్దనలేదు. రానని కూడా అనలేదు, వెంట వచ్చాడు. మళ్ళీ ఒంటిగంట. మళ్ళీ మెట్టు. ఈసారి నేను అరుగు మీద కూర్చోలేదు. షావుకారు చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్ళగానే వెనకాలే వెళ్ళి గడప దగ్గర నిలబడ్డాను. ఆయన గద్దె మీద దిండు సర్దుకుంటూ రిసీవరు మీద చెయ్యి వేశాడు.

"బాబుగారూ, అది తీయకండి," అన్నాను. అలా మొదలుపెడదామనుకోలేదు. అదే వచ్చింది.

ఆయన తలెత్తి చూశాడు. అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఉద్యోగం, కార్డు, టెలిగ్రాం, రెండు నుంచి మూడు, నిన్న జరిగింది. "మీ నిద్ర సంగతి తెలీక రాశానండి. తప్పు నాదే. ఇవాళ ఒక్కరోజు ఆ గంట ఫోను తీయకుండా ఉంచితే చాలు. రేపు ఆయన మద్రాసు వెళ్ళిపోతాడు."

"నిన్న మీ నాన్న వచ్చింది ఇందుకేనా?"

"అవునండి."

"మరి నోట్లో ఏం పెట్టుకున్నాడు?" అన్నాడు. కాస్త గట్టిగానే అన్నాడు, ఆయన గొంతే అంత. "నేనేమన్నా పులినా? అడిగితే ఇవ్వనన్నానా? ఒక్క పూట నిద్రపోకపోతే చస్తానా?" అని గుమాస్తాని పిలిచి, "ఆ కుర్చీ ఇటు లాగవయ్యా. ఎంతసేపు నిలబడుద్ది ఆ పిల్ల? రా అమ్మాయ్, లోపలికి రా. కూర్చో," అన్నాడు.

కూర్చున్నాను. వ్యాపారస్తులు వస్తే కూర్చునే ఇనప కుర్చీ అది. కూర్చున్నానన్న మాటే గానీ వీపు ఆనించలేదు. షావుకారు నిద్ర ఆపుకోవటానికి విసనకర్రతో విసురుకుంటూ, పొగాకు వేసిన వాళ్ళు బాగుపడ్డారు, మిరప వేసిన వాళ్ళు మునిగారు అని గుమాస్తాతో చెప్తున్నాడు. రెండూ పదిహేనుకి ఫోను మోగింది. నేను లేచి నిలబడ్డాను. గుంటూరు యార్డు నుంచి. ఎన్నేళ్ళుగానో ఆ వేళప్పుడు ఎంగేజ్ వచ్చే నంబరు ఇవాళ తగలటం వాళ్ళకే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది, ఏదో పెద్ద కబురు మొదలుపెట్టారు. షావుకారు మధ్యలోనే ఆపి, "మూడు దాటాక చెయ్యండి. ఈ గంట ఈ ఫోను మాది కాదు," అని పెట్టేశాడు. నేను ఆయన వైపు చూడకుండా కూర్చున్నాను.

రెండూ నలభైకి మళ్ళీ మోగింది. గుమాస్తా తీసి, "హైదరాబాదు," అని నా చేతికిచ్చాడు.

అవతల గొంతు మర్యాదగానే ఉంది, కానీ వెచ్చగా లేదు. ఇంగ్లీషులో అడిగాడు. నిన్న మీరు చెప్పిన గంటలోనే రెండుసార్లు ప్రయత్నించాను, రెండుసార్లూ ఎంగేజ్, ఆ టైము ఇచ్చింది మీరే కదా అన్నాడు. రాత్రి ఒక మంచి అబద్ధం తయారు చేసుకుని ఉన్నాను, లైను చెడిపోయిందని. ఆ కుర్చీలో కూర్చుని, నా కోసం ఆవులింతలు ఆపుకుంటున్న మనిషి ఎదురుగా అది చెప్పబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోను ఒక మిర్చి వ్యాపారిది, ఆ వేళ ఆయన నిద్రపోతాడు, రిసీవరు పక్కన పెడతారు, మోగటం లేదు కాబట్టి ఖాళీ అనుకుని అది రాశాను, ఇవాళ అడిగితే ఆయన నిద్ర మానుకుని కూర్చున్నాడు అని.

ఆయన అంతా విని, "రేపు కంపెనీలో మీ మేనేజరు విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు ముఖ్యమైన ఫోను వస్తుందని తెలిస్తే ఏం చేస్తారు?" అన్నాడు.

"ఆయన పడుకునే ముందే అడుగుతాను సార్. పడుకున్నాక కాదు."

ఆయన నవ్వాడు. ఆపరేటరు మధ్యలో వచ్చి మూడు నిమిషాలయిందంటే ఇంకో మూడు పొడిగించమన్నాడు. టైపు వేగం అడిగాడు. కొన్ని అంకెలు చెప్పి తిరిగి చెప్పమన్నాడు, ఒక చిరునామా చెప్పి రాసుకుని చదవమన్నాడు. చివరికి సోమవారం పొద్దున పదింటికి రాగలరా అన్నాడు. రాగలనండి అనబోయి ఆగాను. మా ఊరి నుంచి బస్సెక్కి, రైలు పట్టుకుని, పదింటికి అక్కడ ఉండలేను. "పన్నెండు తర్వాత అయితే తప్పకుండా ఉంటాను సార్," అన్నాను. పన్నెండున్నర అన్నాడు.

ఫోను పెట్టేశాక షావుకారు అడిగాడు. "ఇంగ్లీషులో అంతసేపు మాట్లాడావే. అందులో నా నిద్ర సంగతి కూడా చెప్పావా?"

"చెప్పానండి."

"అయితే హైదరాబాదు దాకా పోయిందన్నమాట," అని కాళ్ళు చాపుకుని, మూడు కావటానికి ఇంకా పది నిమిషాల పైన ఉన్నా పడుకోలేదు, మళ్ళీ వస్తుందేమోనని. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. ఆ సోమవారం వెళ్ళాను, ఆ ఉద్యోగం నాకే వచ్చింది, పదకొండేళ్ళు అక్కడే చేశాను. కానీ ఈ మాట ఎవరికి చెప్పినా నాకు ముందు గుర్తొచ్చేది ఆ తర్వాతి రెండు నిమిషాలే.

నాన్న మెట్ల కింద ఎండలో నిలబడి ఉన్నాడు. గొడుగు చంకలోనే ఉంది, విప్పుకోలేదు. లోపల నా మాటలు ఆయనకి వినపడే ఉంటాయి, అందులో సగమన్నా అర్థమయ్యే ఉంటుంది. నన్ను చూడగానే ఒక అడుగు ముందుకు వేశాడు.

"కోప్పడ్డాడా?" అన్నాడు.

"ఎవరు నాన్నా?"

"షావుకారు. గట్టిగా అరిచాడు, విన్నాను. నా మీద కోపం వచ్చిందా?"

హైదరాబాదు ఆయన ఏమన్నాడో అడుగుతాడనుకున్నాను. నిన్నటినుంచి ఈయన మీద పెట్టుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలీదు. రెండు రోజులుగా నాకు ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒక్కటే. ఆయనకి నేను పుట్టకముందు నుంచీ ఉన్న భయం ఇది.

"లేదు నాన్నా. కోప్పడలేదు. లోపలికి రమ్మన్నాడు. కూర్చోమన్నాడు."

"ఎక్కడ?"

"కుర్చీలో."

"కుర్చీలోనా," అన్నాడు. గొడుగు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు. కొట్టు గడప వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు. "కూర్చున్నావా మరి?"

"గంటసేపు కూర్చున్నాను."

ఆయన తల ఊపి, వంగి చెప్పులు వేసుకున్నాడు. కాలవ దాకా నడిచాక అప్పుడు ఉద్యోగం సంగతి అడిగాడు.